లాక్ స్క్రీన్ మీద బోణీ

మా అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు తేల్చి చెప్పాడు. ఇక నెత్తిన గంప పెట్టుకుంటే తన దగ్గరికి రావద్దని కూడా చెప్పాడు. అమ్మ ఆయన దగ్గరికి వెళ్ళడం మానేద్దామనుకుంది తప్ప గంప దించుదామనుకోలేదు. చివరికి నేనే కోపమొచ్చి గంపను అటక మీద పడేశాను. ఆ కోపంలో నిచ్చెన కూడా దాచేశాను. మా ఇంట్లో కోపం అమ్మదీ నాదీ ఒకే కొలత. అందుకే ఇద్దరం రెండు పూటలు మాట్లాడుకోలేదు.

మాది జాలరిపేట. తరతరాలుగా మగవాళ్ళు వేటకు వెళ్తారు, ఆడవాళ్ళు ఆ చేపను ఇళ్ళకు చేరుస్తారు. అమ్మకు బీచ్ రోడ్డుకు ఎగువన ఒక కాలనీ ఉంది. ఉంది అంటే అక్కడ ఇల్లుందని కాదు, ఆ కాలనీలో వాడుక ఇళ్ళున్నాయని. వాళ్ళు ఇంకెవరి దగ్గరా చేప కొనరు, అమ్మ మంచి చేపను వాళ్ళకు తప్ప ఇంకెవరికీ చూపించదు. ఏ ఇంట్లో చందువ తింటారో, ఏ ఇంట్లో నెత్తళ్ళంటే పడి చస్తారో, ఏ ఇంటాయన తలకాయ కోసం పెళ్ళాంతో తగువు పెట్టుకుంటాడో అన్నీ ఆమెకు తెలుసు.

చిన్నప్పుడు సెలవుల్లో నేనూ ఆమె వెంట వెళ్ళేదాన్ని. కాలనీ మొదట్లో వాటర్ ట్యాంకు దగ్గర అమ్మ గొంతెత్తేది. "సేపలో... సేపలూ..." అని. అక్కడి నుంచి ఆ కేక వినగానే ఇళ్ళల్లో చింతపండు నానేసేవారు. పార్కు దాటాక మళ్ళీ కేక. అప్పుడు ఉల్లిపాయలు తరగడం మొదలయ్యేది. వీధి మలుపులో మూడో కేక పడేసరికి ఒక్కొక్కరే గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేవారు. అమ్మ ఎక్కడిదాకా వచ్చిందో కనబడకపోయినా అందరికీ తెలిసేది.

నేను చదువుకుని రుషికొండలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఫోన్ యాప్‌లు రాయడం నా పని. మా కంపెనీ కూరగాయలూ పాలూ ఇంటికి పంపే యాప్ ఒకటి నడుపుతోంది. అమ్మ నెత్తి మీంచి గంప దిగాక నేను మా బాస్ చుట్టూ తిరిగి చేపల విభాగం పెట్టించాను. హార్బర్ దగ్గర చిన్న షెడ్డు, ఐసు పెట్టెలు, కోతకు పీటలు. అమ్మా, ఆమెతో పాటు మా పేట ఆడవాళ్ళు ఇద్దరూ జెట్టీ మీద వేలంలో చేప కొని, శుభ్రం చేసి ప్యాక్ చేస్తారు. మా మేనమామ కొడుకు బైకు మీద ఇళ్ళకు అందిస్తాడు. వాడు నాకు బావ. నన్ను ఏడిపించడమే వాడి అసలు ఉద్యోగం, డెలివరీ పక్క పని.

బాస్ మంచివాడే గానీ లెక్క మనిషి. "మీ అమ్మగారి కాలనీతోనే మొదలుపెడదాం. ఆ ఇళ్ళు నిలబడితే విభాగం ఉంటుంది. నిలబడకపోతే మూసేద్దాం, మీరేమీ అనుకోకూడదు" అన్నాడు. నేను అనుకోనని చెప్పాను. మూసేస్తే అమ్మ ఏం చేస్తుందని మాత్రం ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో కూర్చోబెడితే ఆమె మనిషి కాదు. మోకాళ్ళ కన్నా ముందు మనసు అరిగిపోతుంది. నాకు అసలు భయం అదే.

కాలనీ వాళ్ళకు ముందు నుంచీ ఒకటే ప్రశ్న. "యాప్ సరేనమ్మా, చేప ఎప్పుడొస్తుందో తెలిసేదెలా? మీ అమ్మ అయితే కేక వినబడేది." దానికి జవాబుగానే నేను లైవ్ కార్డు రాశాను. క్రికెట్ స్కోరు లాక్ స్క్రీన్ మీద దానంతటదే మారుతూ ఉండటం చూసే ఉంటారు. ఫోన్ తెరవక్కర్లేదు, ఒకే కార్డు ఒకేచోట కూర్చుని ఉంటుంది, అందులో అంకెలు మారుతుంటాయి. అలాంటిదే చేపకు. "ప్యాక్ అయింది", "బయల్దేరింది", "మీ వీధిలో ఉంది", "అందింది". కింద ఒక గీత, గీత మీద చిన్న చేప బొమ్మ, పక్కన ఇంకా ఎన్ని నిమిషాలో లెక్క.

చూసేవాళ్ళకు ఆ కార్డే అన్నీ కనుక్కుంటోందనిపిస్తుంది. నిజానికి దానికి ఏమీ తెలియదు. అది ఇంటర్నెట్‌లోకి వెళ్ళి అడగలేదు, బైకు ఎక్కడుందో చూడలేదు. బావ ఫోన్ తానున్న చోటును మా సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ లెక్క కట్టి, ఫోన్ తయారు చేసినవాళ్ళ సర్వర్ ద్వారా ఆ ఇంటి ఫోన్‌కు చిన్న చీటీ లాంటిది పంపుతుంది. కార్డు అందిన చీటీని చూపిస్తుంది, అంతే. పోనీ క్షణక్షణం చీటీలు పంపుదామా అంటే, మరీ ఎక్కువైతే ఫోనే వాటిని ఆపి ఉంచుతుంది, బ్యాటరీ తినేస్తాయని. అందుకే మార్పు ఉన్నప్పుడే పంపాలి. మరి నిమిషాలు ఆగకుండా ఎలా తగ్గుతాయంటే, అది ఫోన్ సొంతంగా చేసే పని. ఫలానా వేళకు చేరుతుందని మేం ఒకసారి చెబితే చాలు, ఆ వేళ దాకా ఫోన్ తన గడియారం చూసుకుని తగ్గించుకుంటూ పోతుంది.

ఇదంతా అమ్మకు చెబితే సగం విని, "అయితే నా కేకకి మల్లే గావాల. నాను అరవకపోతే ఆళ్ళకేటి తెలుత్తాది" అంది. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

మొదట్లో కాలనీ అంతా సంబరం. ఫోన్ బల్ల మీద నిలబెట్టి చేప బొమ్మ జరగడం చూస్తూ వంట చేశామని చెప్పేవారు. ఒకావిడ అయితే అమ్మకు ఫోన్ చేసి, మీ మేనల్లుడు పెట్రోలు బంకులో ఆగాడు, చూసుకో అని ఫిర్యాదు చేసింది. బావ ఆ రోజంతా గొణిగాడు.

"ఇదేటే, నా బతుకు ఊరందరి ఫోన్ల మీదా పెట్టీసినావు. టీ తాగుదారన్నా బయమేత్తంది" అన్నాడు.

"తాగొద్దు. చేప ముందు" అన్నాను.

అంతా సాఫీగా సాగుతోందనుకునేలోగా ఒక ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చింది. అదీ అన్ని ఇళ్ళలోకి పెద్ద ఇల్లు. పెద్దది అంటే గదులు ఎక్కువని కాదు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ, ఒక్కతే ఉంటుంది. కాలనీ సంఘంలో ఆవిడ మాట అంటే మాటే. అమ్మ గంప మొట్టమొదట దింపింది ఆవిడ గేటు ముందే. అందరూ ఆవిణ్ణి మేడమ్ అంటారు, అమ్మ కూడా.

మేడమ్ ఫిర్యాదు ఇది. కార్డు పొద్దున్నే వస్తోంది. "బయల్దేరింది" అంటోంది. నిమిషాలు తగ్గుతూ తగ్గుతూ సున్నా అవుతున్నాయి. ఈవిడ గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడుతోంది. ఎవరూ రారు. సున్నా అలాగే ఉంటుంది. ఎప్పటికో ఉన్నట్టుండి మళ్ళీ ఇరవై చిల్లర నిమిషాలని చూపిస్తుంది, అప్పటి నుంచి లెక్క సరిగ్గా నడిచి బావ వస్తాడు.

"సున్నా దగ్గరికొచ్చిన చేప వెనక్కి నడిచి వెళ్ళి మళ్ళీ వస్తుందా అమ్మా? దానికి కాళ్ళున్నాయా?" అని అడిగింది ఫోన్‌లో. ఆ గొంతు వింటే నేను ఆవిడ బళ్ళో చదవకపోయినా బెంచీ ఎక్కి నిలబడాలనిపించింది.

విచిత్రం ఏమిటంటే మిగతా ఏ ఇంట్లోనూ ఈ గొడవ లేదు. పక్కింటి కార్డు నిక్షేపంగా ఉంది. అందుకని తప్పు ఆవిడ ఫోన్‌దే అయ్యుంటుందని తీర్మానించి వాళ్ళింటికి వెళ్ళాను. ఫోన్ చూశాను. కొత్తదే. సిగ్నల్ బాగానే ఉంది. బ్యాటరీ పొదుపు ఆన్ చేసి లేదు. యాప్ తీసేసి మళ్ళీ వేశాను. మర్నాడు మళ్ళీ అదే తంతు. ఆఫీసులో అందరం తలలు పట్టుకున్నాం. కుర్చీలోంచి లేవకుండానే ఒకడు ఆవిడ గడియారం తప్పేమో అన్నాడు. ముప్పై ఏళ్ళు బడి గంట కొట్టించిన మనిషి గడియారం.

ఆ వారం మేడమ్ యాప్ తీసేసింది. తీసేసి ఊరుకోలేదు, సంఘం మీటింగులో చెప్పింది కూడా. "అబద్ధం చెప్పే వస్తువును నేను ఇంట్లో పెట్టుకోను" అందట. మరునాటికి ఆవిడ వెనకే కొన్ని ఇళ్ళు జారిపోయాయి. బాస్ నన్ను పిలిచి కుర్చీ చూపించాడు. ఆయన కుర్చీ చూపించాడంటే విషయం బాగాలేదని అర్థం. "నెలాఖరు దాకా చూద్దాం" అన్నాడు.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ నా మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అన్నం ముందు కూర్చుని, "మేడమ్ మానీసిందా?" అని ఒక్క మాట అడిగి, కంచం అలాగే వదిలేసి లేచిపోయింది. ఆ రాత్రి నాకు నా మీదా, సర్వర్ మీదా, ఆ హెడ్‌మిస్ట్రెస్ మీదా, అందరి మీదా కోపం వచ్చింది. కోపం ఎంత వచ్చినా తప్పు ఎక్కడుందో మాత్రం తెలియలేదు.

తెల్లారకముందే లాప్‌టాప్ ముందు కూర్చుని మేడమ్ ఆర్డర్లన్నీ మొదటి నుంచి తిరగేశాను. వాటిలో ఒక సంగతి కనబడింది. షెడ్డులో ఆర్డరు ప్యాక్ చేశాక అమ్మ తన ఫోన్‌లో "సిద్ధం" అనే బటన్ నొక్కాలి. ఆ నొక్కుడుతోనే కస్టమర్ ఫోన్‌లో కార్డు పుడుతుంది. చాలామంది ముందురోజు సాయంత్రమే ఆర్డరు పెడతారు కదా, అప్పుడే కార్డు పెట్టేస్తే తెల్లారేసరికి దాని ఆయుష్షు తీరిపోతుంది. ఐఫోన్‌లో ఎనిమిది గంటలు దాటితే అది మారడం మానేస్తుంది. అందుకని పొద్దున్న "సిద్ధం" నొక్కినప్పుడు సర్వరే కార్డును మొదలుపెట్టేలా రాశాం. మిగతా ఇళ్ళకు ఆ నొక్కుడు వేలం అయ్యాక, కోత అయ్యాక ఉంది. మేడమ్‌కు మాత్రం రోజూ అందరికన్నా చాలా ముందు, ఇంకా చీకటి విడవకముందే ఉంది.

ఆ వేళకు బోట్లే రావు. లేని చేపను అమ్మ ఎలా సిద్ధం చేసింది?

స్కూటీ తీసి హార్బర్‌కు వెళ్ళాను. జెట్టీ మీద జనం ఇంకా పలచగా ఉన్నారు. బోట్ల దీపాలు దూరంగా, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ పక్కన కనబడుతున్నాయి. మంచు గడ్డలు కొట్టే చప్పుడు తప్ప వేలం గోల ఇంకా మొదలవలేదు. షెడ్డులో అమ్మ పీట కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఫోన్ చేతిలోకి తీసుకుని ఊరికే కూర్చుని ఉంది. ఆమె పక్కావిడ నాతో మెల్లగా చెప్పింది.

"ఆ మేడమ్ ఎల్లిపోయిన కాడి నుండి మీయమ్మ బోణీ సెయ్యట్లేదే. ఫోను పట్టుకుని అలాగే కూకుంటంది."

"ఏం బోణీ?" అన్నాను.

అమ్మ తలెత్తింది. "బోణీ అంటే బోణీయే, మరేటి. రోజూ వచ్చీగానే పీటకి బొట్టెట్టి, మేడమ్ గారి ఆర్డరు నొక్కీసీదాన్ని. ఆవిడ సెయ్యి మంచిది. గంప మోసిన కాడి నుండీ ఆవిడ ఇంట బోణీ సేత్తేనే నాకు పొద్దు గడిసీది."

"అమ్మా, అది సిద్ధం బటన్. చేప ప్యాక్ అయ్యాక నొక్కాలి. ఎన్నిసార్లు చెప్పాను?"

"మిగిలినోళ్ళకి అలగే నొక్కుతన్నాను కాదేటి? బోణీకి మాత్రం అలగెలా సేత్తాను. బోణీ బేరం అడిగితే ఇంకా రాలేదనీసి అంటారా ఎక్కడన్నా? ఉందమ్మా, వత్తందమ్మా అనాల. అబద్దం ఆడినానా ఏటి? బోటు వత్తంది. అదిగో, కనిపిత్తంది."

నేను ఎదురుగా ఉన్న ఐసు పెట్టె మీద కూలబడ్డాను. ఆఫీసులో ఇంతమందిమి తలలు బద్దలు కొట్టుకున్న తప్పు అది. అమ్మ చీకట్లో బటన్ నొక్కి, ఫోన్ కళ్ళకద్దుకునేది. మా సర్వర్ పాపం దాన్ని నమ్మేది. ప్యాక్ అయిందనుకుని బావను ఆ ఆర్డరుకు కేటాయించి, దారి లెక్క కట్టి, బయల్దేరిందనీ ఫలానా వేళకు చేరుతుందనీ మేడమ్ ఫోన్‌కు చెప్పేది. బావ షెడ్డులోనే కూర్చుని టీ తాగుతుండేవాడు. బైకు కదలలేదు కాబట్టి కొత్త చీటీ వెళ్ళేది కాదు. మేడమ్ ఫోన్ తన పాటికి తాను లెక్క తగ్గించుకుంటూ సున్నాకు వచ్చి ఆగేది. అసలు చేప బయల్దేరాక కొత్త వేళ వెళ్ళేది, అంకె మళ్ళీ పైకి లేచేది. ఇన్ని ఇళ్ళలో ఆ ఒక్క ఇంటికే, రోజూ, తప్పకుండా. ఎందుకంటే ఇన్ని ఇళ్ళలో అమ్మకు అన్నింటికన్నా ఎక్కువ ఆ ఇల్లే.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఏదీ ఆపుకోలేదు.

"దేనికే ఏడుత్తన్నావు?" అని అమ్మ కంగారు పడింది. విషయం అంతా చెప్పాను. సున్నా సంగతి, మేడమ్ గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడిన సంగతి. అమ్మ మొహం వాడిపోయింది.

"అయితే ఆవిణ్ణి రోజూ గుమ్మంలో నిలబెట్టినాది నానేనా?"

"నువ్వు కాదు. బటన్."

"బటను నొక్కినాది ఎవురు మరి?"

"సరే, ఇక నుంచి బోటొచ్చాకే నొక్కు. గొడవ వదిలిపోతుంది" అన్నాను.

"అప్పుడది బోణీ ఎలగవుద్ది!" అని అమ్మ గయ్‌మంది. అంత బాధలోనూ ఆ మాట దగ్గర మాత్రం తగ్గలేదు. నాకూ ఒళ్ళు మండింది. షెడ్డు పైకప్పు లేచిపోయేలా ఇద్దరం అరుచుకున్నాం. పక్కావిడ మాకు టీ తెప్పించి, "బోటొచ్చీసింది, తరవాత కొట్టుకోండి" అని పంపేసింది.

ఆఫీసుకు వెళ్ళే దారిలో, కొండ ఎక్కుతుండగా కోపం దిగింది. అమ్మ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. బోటు వస్తోంది అన్నది నిజమే. అది చెప్పడానికి నా కార్డులో చోటు లేదు, అంతే. చేప ఒడ్డుకు రాకముందు కూడా ఒక కథ ఉంటుందని మాకు తోచలేదు, కూరగాయల యాప్ కదా మరి. ఆ రోజే కొత్త మెట్టు ఒకటి చేర్చాను. అమ్మ ఫోన్‌లో "సిద్ధం" కన్నా ముందు "బోణీ" అనే బటన్. దాన్ని నొక్కితే కార్డు పుడుతుంది గానీ నిమిషాలుండవు, గీత కదలదు. "ఈ రోజు బోణీ మీదే. బోటు ఒడ్డుకు వస్తోంది" అని మాత్రం ఉంటుంది. నిమిషాల లెక్క మొదలయ్యేది బావ పొట్లం చేతిలోకి తీసుకుని తన ఫోన్‌లో నొక్కినప్పుడే. ఇంకొకటి కూడా పెట్టాను. చెప్పిన వేళ దాటిపోయినా కొత్త కబురు రాకపోతే సున్నా చూపించకుండా "ఇది పాత సమాచారం, కనుక్కుంటున్నాం" అని కార్డు రంగు తగ్గిపోతుంది. తెలియనప్పుడు తెలియదని చెప్పడం ఆ కార్డుకు ముందే నేర్పాల్సింది.

అంతా బాగుంది. కానీ యాప్ తీసేసిన మనిషికి ఈ సంగతి కార్డు ఎలా చెబుతుంది? వెళ్ళి చెబుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "తప్పు సేసీసి, మల్లీ ఎల్లి కొనమ్మా అంటే ఏటి బాగుంటాది" అంది. నాకూ ఆ గేటు దగ్గర నిలబడే ధైర్యం లేకపోయింది.

అప్పుడే బావ ఒక మాటన్నాడు. వేళాకోళానికే అన్నాడు. "ఇన్ని సేసినావు గానీ నీ కార్డు మూగదే. అత్త కేకేత్తే వీది వీదంతా లేసొచ్చీది."

వాడు అన్నది నిజం. కార్డు చప్పుడు లేకుండా మారుతుంది. అలా ఉండటమే మంచిది, ప్రతి మార్పుకీ టింగుమంటే జనం ఫోన్ కిటికీలోంచి విసిరేస్తారు. అయితే ఏదైనా ఒక మార్పుకు మాత్రం శబ్దం జతచేసి పంపవచ్చు. ఆ శబ్దం మనకు కావలసినది పెట్టుకోవచ్చు, యాప్‌లో ముందే ఉంచితే చాలు, అర నిమిషం లోపు ఉండాలి. బావ బండి వీధి మలుపు తిరిగినప్పుడు, ఆ వీధిలో ఆర్డరున్న ఇళ్ళన్నింటికీ ఒకేసారి, ఒకే ఒక్క శబ్దం.

అమ్మను పీట మీద కూర్చోబెట్టి ఫోన్ ముందుపెట్టి కేకెయ్యమన్నాను. అమ్మ దగ్గింది. "సేపలు" అంది, రేషన్ కొట్లో పేరు చెప్పినట్టు. ఇంకోసారి అంది. ఇంకా అధ్వాన్నం. "కూకుని ఎలగొత్తాదే?" అని విసుక్కుంది. నిలబడింది. అయినా రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కొంగు నలుపుకుంది.

అప్పుడు నాకు అర్థమై, దాచిన నిచ్చెన బయటికి తెచ్చి, అటక మీది గంప దించాను. ఖాళీ గంప. దుమ్ము దులిపి అమ్మ నెత్తిన పెట్టాను. అమ్మ ఒక చెయ్యి పైకెత్తి దాన్ని పట్టుకుంది. నడుం నిటారైంది, గడ్డం లేచింది. మా పెరట్లోంచి ఆ కేక సముద్రం దాకా వెళ్ళి ఉంటుంది. పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. అమ్మ గంప దించి, సిగ్గుపడి, "సాలేటి?" అంది. చాలన్నాను.

కొత్త యాప్ కాలనీ ఫోన్లలోకి చేరాక, శబ్దం సరిగ్గా మలుపులోనే వస్తుందో లేదో చూద్దామని ఆ ఉదయం బావ బండి వెనక నా స్కూటీ మీద వెళ్ళాను. వాటర్ ట్యాంకు దాటాం, పార్కు దాటాం. అంతా నిశ్శబ్దం. లోపల ఫోన్ల మీద చేప బొమ్మలు జరుగుతూనే ఉండాలి. బావ మలుపు తిరిగాడు. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ కాలేదు. నేను స్కూటీ ఆపి బిక్కమొహం వేశాను.

అప్పుడు మొదటి ఇంటి వంటగదిలోంచి మా అమ్మ కేకేసింది. వెంటనే ఎదురింటి వరండాలోంచి కేకేసింది. మేడ మీది గదిలోంచి, ఇంకో ఇంటి హాలులోంచి, కొంచెం ముందూ వెనకా. "సేపలో... సేపలూ..." అని వీధి పొడుగునా. గంప లేకుండా, మోకాళ్ళు నొప్పెట్టకుండా మా అమ్మ వీధంతా ఒకేసారి నడిచింది. బావ బండి ఆపి, హెల్మెట్ తీసి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి వాడికి వేళాకోళం దొరకలేదు.

గేట్లు తీసుకుని ఒక్కొక్కరే వస్తున్నారు. వాళ్ళ మధ్యలో ఇంకో గేటు తెరుచుకుంది. అది బావ ఆగవలసిన ఇల్లు కాదు. మేడమ్. పక్కింటి ఫోన్‌లోని కేక విని వచ్చేసింది. చేతిలో స్టీలు గిన్నె. కళ్ళజోడు పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. బావను దాటి, నన్ను దాటి, మలుపు కేసి చూస్తోంది.

"ఏది మీ అమ్మ? మోకాళ్ళు నయమయ్యాయా?" అంది.

"అమ్మ షెడ్డులో ఉంది మేడమ్. అది ఫోన్‌లోది" అన్నాను.

ఆవిడ ఖాళీ గిన్నె కేసి చూసుకుంది. మొహంలో మళ్ళీ హెడ్‌మిస్ట్రెస్ వస్తోంది. వచ్చేలోపు చెప్పేయాలని మొత్తం గడగడా చెప్పేశాను. అమ్మ తెల్లారకముందే పీటకు బొట్టు పెట్టడం, అందరికన్నా ముందు ఆవిడ ఆర్డరే నొక్కడం, ఫోన్ కళ్ళకద్దుకోవడం, అది మా లెక్కలో వచ్చేసిన చేప అయిపోవడం. ఆవిడ మానేసిన రోజు నుంచి అమ్మ బోణీ లేకుండానే పీట ముందు కూర్చుంటోందని కూడా చెప్పాను.

మేడమ్ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. పక్కింటావిడ తన పొట్లంలోంచి రెండు ముక్కలు ఆ గిన్నెలో వేయబోతే తల అడ్డంగా ఊపింది. తర్వాత లోపలికి వెళ్ళి కళ్ళజోడూ ఫోనూ తెచ్చుకుని, ఫోన్ నా చేతిలో పెట్టింది.

"యాప్ మళ్ళీ వెయ్యి" అంది. వేశాను. నేను వేస్తున్నంతసేపూ నా భుజం మీంచి చూస్తూనే ఉంది. ఫోన్ తిరిగి తీసుకుని, ఇవాళ వండటానికేమీ లేని ఆ గిన్నెను చంకన పెట్టుకుంది.

"మీ అమ్మకు చెప్పు. రేపటి నుంచి నేను మళ్ళీ చీకటితోనే లేస్తాను. బోటు ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు. బోణీ మాత్రం ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పు."